మూత్రంలో మంట: బార్లీ నీళ్లు ఎక్కడిదాకా, మాత్ర ఎక్కడి నుంచి

ప్రశ్న: నా వయసు 34. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఎనిమిది నెలల్లో మూత్రంలో మంట రావడం ఇది మూడోసారి. మొదటిసారి డాక్టర్ పరీక్ష చేయించి ఇన్ఫెక్షన్ అన్నారు. రెండోసారి మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు రెండు రోజులు వేసుకుని, మంట తగ్గగానే ఆపేశాను. నిన్నటి నుంచి మళ్లీ మొదలైంది. పది నిమిషాలకోసారి వెళ్లాలనిపిస్తోంది, తీరా వెళ్తే నాలుగు చుక్కలు కూడా రావు. పొత్తికడుపు నొప్పిగా ఉంది. జ్వరం లేదు, షుగర్ లేదు, గర్భవతిని కాను. స్కూల్లో బాత్‌రూమ్ బాగుండదు, అందుకే పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా నీళ్లు తాగకుండా గడిపేస్తాను. ఒళ్లు వేడి చేసిందని అత్తయ్య బార్లీ నీళ్లు కాచి ఇస్తున్నారు. క్రాన్‌బెర్రీ తాగితే మందులతో పనే లేదని తోటి టీచర్ అంటోంది. మాటిమాటికీ యాంటీబయాటిక్స్ అంటే భయంగా ఉంది. ఈ రెండింటితో తగ్గించుకోవచ్చా?

జవాబు: ఇప్పుడున్న ఇన్ఫెక్షన్‌ని ఈ రెండూ నయం చేయలేవు. ఈ రోజే మూత్రాన్ని, అందులో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్షకి ఇచ్చి, డాక్టర్ రాసిచ్చిన యాంటీబయాటిక్ మొదలుపెట్టండి. అలాగని మీ అత్తయ్యగారి మాటా, తోటి టీచర్ మాటా పూర్తిగా కొట్టిపారేసేవి కావు. వాటికి వేళ వేరే ఉంది. ఈ విడత తగ్గాక, నాలుగోసారి రాకుండా చూసుకునేటప్పుడు అవి కొంత పనికొస్తాయి.

ముందు ఆ ‘వేడి’ సంగతి చూద్దాం. ఎండాకాలంలో నీళ్లు చాలకపోతే మూత్రం చిక్కబడి ముదురు పసుపులోకి మారుతుంది, పోసేటప్పుడు చురుక్కుమంటుంది. ఇందులో బ్యాక్టీరియా ప్రమేయం ఉండకపోవచ్చు. మజ్జిగో, బార్లీ నీళ్లో, మంచినీళ్లో రెండు మూడు గ్లాసులు తాగితే కొన్ని గంటల్లోనే రంగు తేలికపడి చురుకు తగ్గిపోతుంది. మన ఇళ్లలో బార్లీకి ఉన్న మంచి పేరులో చాలా భాగం ఇక్కడ సంపాదించుకున్నదే. మీ లక్షణాలు ఆ కోవలోవి కావు. నీళ్లు తాగుతున్నా తగ్గని మంట, మూత్రాశయంలో ఏమీ లేకపోయినా ఆగకుండా తరిమే ఆత్రం, పొత్తికడుపు నొప్పి ఒక్కచోట కలిశాయంటే మూత్రాశయం లోపలి పొర వాచిందని అర్థం. మూత్రం మబ్బుగా ఉన్నా, కాస్త ఎరుపు కనిపించినా అనుమానం ఇంకా బలపడుతుంది. దురద, తెల్లబట్ట కూడా ఉంటే మాత్రం యోనిలో ఫంగస్ లాంటిది ఉండొచ్చు. దానికి మందు వేరు కాబట్టి డాక్టర్‌కి ఆ మాట దాచకుండా చెప్పండి.

ఈ వాపు తెచ్చేది ఎక్కువమందిలో ఇ.కోలై అనే బ్యాక్టీరియా. అది బాత్‌రూమ్ గచ్చు మీది నుంచి ఎగబాకి వచ్చేది కాదు. మన పేగుల్లోనే ఉండేది మలద్వారం దగ్గర్నుంచి ముందుకు చేరి, ఆడవాళ్లలో నాలుగు సెంటీమీటర్లే ఉండే మూత్రనాళం గుండా పైకి వెళ్తుంది. అక్కడ దానికి ఎదురయ్యేది మూత్రపు ధార. ధారకు కొట్టుకుపోకుండా ఉండటానికే దాని ఒంటినిండా సన్నటి నూగులాంటి పోగులు, వాటి కొసన కొక్కేల్లాంటి ప్రొటీన్లు ఉంటాయి. పొలం గట్టున నడిచొచ్చాక చీర అంచు చూసుకుంటే ఉత్తరేణి గింజలు ఎలా పట్టుకుని ఉంటాయో గుర్తు తెచ్చుకోండి. ఎంత దులిపినా రాలవు, నీళ్లలో జాడించినా ఊడవు, ఒక్కొక్కటీ పీకాల్సిందే. మూత్రాశయం గోడకు ఇ.కోలై అలాగే పట్టుకుంటుంది. అంతటితో ఊరుకోదు. గోడ పైపొరలోని కణాల లోపలికి చొరబడి అక్కడ గుంపులుగా పెరుగుతుంది. కణం లోపల ఉన్నదాన్ని ఏ నీళ్లధారా తాకలేదు.

క్రాన్‌బెర్రీ పని, దాని పరిమితి రెండూ ఈ బొమ్మలోనే ఉన్నాయి. ఆ పండులో ప్రోయాంథోసయనిడిన్లు అనే వగరు పదార్థాలుంటాయి. వాటిలో ‘ఎ’ రకం అనేవి కొన్ని ఇ.కోలై పోగులు గోడను పట్టుకోకుండా అడ్డుపడతాయని ప్రయోగశాలల్లో తేలింది. అంటే గింజ చీరకు అంటుకోకముందే దాని ముళ్లకు మైనం పూసినట్టు. అంటుకున్నాక పూసి లాభం లేదు. పైగా క్రాన్‌బెర్రీ బ్యాక్టీరియాను చంపదు, పట్టు తప్పిస్తుందంతే. మూత్రాన్ని పుల్లగా మార్చి క్రిములను చంపుతుందని పాతరోజుల్లో అనుకునేవారు. మనం తాగగలిగే మోతాదుకు అంత పులుపు రాదని తర్వాత తేలిపోయింది.

బార్లీ నీళ్ల లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. అందులో పనిచేసేది నీళ్లే. బార్లీలోని బీటా గ్లూకాన్ అనే పీచు కొలెస్టరాల్‌కి మంచిదే, కానీ అది పేగుల్లో పనిచేసేది. మూత్రంలోకి చేరి క్రిములను చంపే గుణం దానికి లేదు. నీళ్లు ఎక్కువగా పోతే మూత్రం పలచబడి మంట కాస్త చల్లారుతుంది. చిక్కంతా అక్కడే వస్తుంది. మంట చల్లారింది కదా అని రెండు రోజులు గడిపేస్తారు, లోపల గుంపు పెరుగుతూనే ఉంటుంది.

యాంటీబయాటిక్ లేకుండా తగ్గనే తగ్గదా అని అడగొచ్చు. కొందరికి తగ్గుతుంది, అందులో దాచేదేమీ లేదు. జర్మనీలో 494 మంది ఆడవాళ్ల మీద చేసి 2015లో ప్రచురించిన పరీక్ష ఒకటుంది. సగం మందికి ఫాస్ఫోమైసిన్ అనే యాంటీబయాటిక్, మిగతా సగానికి ఐబుప్రొఫెన్ అనే నొప్పిమాత్ర ఇచ్చారు. నొప్పిమాత్ర వాడినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది యాంటీబయాటిక్ లేకుండానే గట్టెక్కారు. కాకపోతే వాళ్లు బాధపడ్డది ఎక్కువ, కిడ్నీ దాకా ఇన్ఫెక్షన్ పాకిన కేసులు కూడా ఆ వైపే ఎక్కువ తేలాయి. ఆ అదృష్టం ఎవరిది, ఎవరిది కాదు అన్నది ముందుగా చెప్పే పరీక్ష లేదు. అదీకాక వాళ్లంతా డాక్టర్ల కనుసన్నల్లో ఉన్నవాళ్లు. మీకు ఎనిమిది నెలల్లో ఇది మూడోసారి, అందులో ఒకటి సగం కోర్సుతో ఆపింది. వేచి చూసే కోవలో మీరు లేరు.

ఇక ఈ రోజు చేయాల్సింది. యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే మూత్రం నమూనా ఇవ్వాలి. ఒక్క మోతాదు లోపలికి వెళ్లినా కల్చర్‌లో ఏమీ మొలవకపోవచ్చు. ల్యాబ్ వాళ్లిచ్చే స్టెరైల్ డబ్బానే తీసుకోండి, ఇంట్లో కడిగిన టానిక్ సీసా వద్దు. మంచినీళ్లతో ముందు నుంచి వెనక్కి కడుక్కుని, మడతలు విడదీసి పట్టుకుని, మొదటి ధార వదిలేసి, ధార ఆగకుండానే మధ్యలో వచ్చేది పట్టాలి. డబ్బా అంచుకు, మూత లోపలికి వేలు తగలకూడదు. రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి, డీప్ ఫ్రీజర్‌లో కాదు. బయట ఎండలో అలాగే ఉంచితే డబ్బాలోనే బ్యాక్టీరియా పెరిగిపోయి రిపోర్టు తప్పుతుంది. ఇక్కడ బార్లీ నీళ్లు ఇంకో చిక్కు తెస్తాయి. నమూనా ఇచ్చే ముందు చెంబెడు తాగి వెళ్తే మూత్రం మరీ పలచబడి, బ్యాక్టీరియా లెక్క ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. నమూనా ఇచ్చేదాకా మామూలుగానే తాగండి.

కల్చర్ రిపోర్టు రావడానికి రెండు రోజులైనా పడుతుంది, అందాకా మందు ఆపక్కర్లేదు. రిపోర్టు వచ్చాక అందులో మందుల పేర్ల పక్కన ‘సెన్సిటివ్’ అనో ‘రెసిస్టెంట్’ అనో రాసి ఉంటుంది. రెసిస్టెంట్ అంటే ఆ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగదని. మీరు వేసుకుంటున్నది ఆ వరసలో ఉండి, మంట కూడా తగ్గకపోతే మందు మార్చాలి. రకరకాల బ్యాక్టీరియా కలిసి పెరిగాయని వస్తే చాలావరకు నమూనా పట్టడంలో పొరపాటు జరిగినట్టే, మళ్లీ ఇవ్వాల్సి ఉంటుంది. రిపోర్టు కాగితం పారేయకండి. మళ్లీ ఎప్పుడైనా వస్తే డాక్టర్‌కి అదే దారి చూపిస్తుంది.

జ్వరం లేని, మూత్రాశయానికే పరిమితమైన ఇన్ఫెక్షన్‌కి సాధారణంగా ముందు రాసేవి రెండు. ఒకటి నైట్రోఫ్యూరాంటోయిన్. మెల్లగా విడుదలయ్యే రకమైతే 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 5 రోజులు. రెండోది ఫాస్ఫోమైసిన్, 3 గ్రాముల పొడి ఒక్కసారి నీళ్లలో కలుపుకుని తాగేది. మెడికల్ షాపులో అడగ్గానే చేతికొచ్చే నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలకు మన దేశంలో ఇ.కోలై చాలావరకు అలవాటు పడిపోయింది. మీరు క్రితంసారి వేసుకున్నవి ఏవో స్ట్రిప్ మీద చూసి డాక్టర్‌కి చెప్పండి.

నైట్రోఫ్యూరాంటోయిన్ రాస్తే రెండు విషయాలు గుర్తుంచుకోండి. అన్నం తిన్నాకే వేసుకోవాలి. అప్పుడే ఒంటికి బాగా పడుతుంది, వికారం కూడా తక్కువ. మూత్రం ముదురు పసుపుగా, ఒక్కోసారి గోధుమరంగులో వస్తుంది, కంగారు పడక్కర్లేదు. రెండో విషయం చాలామంది పట్టించుకోనిది. మంటకి అని షాపులో తియ్యటి సిట్రేట్ సిరప్ ఇస్తారు, మూతతో కొలిచి నీళ్లలో కలుపుకునేది. అది మూత్రంలో పులుపు విరిచేస్తుంది. నైట్రోఫ్యూరాంటోయిన్ పుల్లటి మూత్రంలోనే బాగా పనిచేస్తుంది. రెండూ కలిపి వాడితే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టే. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లు, ఎర్ర రక్తకణాలను కాపాడే జి6పిడి అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు ఈ మందు వాడకూడదు. మీకు అవేవీ లేకపోయినా ఈ స్ట్రిప్‌ని ఇంట్లో ఇంకెవరికీ ఇవ్వకండి.

మందు పడితే రెండు మూడు రోజుల్లో మంట తగ్గుతుంది. అయిదు రోజుల కోర్సు రెండో రోజున ఆపితే లొంగనివి మిగిలిపోయి, అవే మళ్లీ పెరగొచ్చు. ఇక్కడ ఒక తేడా గమనించండి. మంట రెండు వారాల్లోపే తిరిగొస్తే పాతదే పూర్తిగా పోలేదని, లేదా ఆ మందుకు అది లొంగలేదని అనుమానించాలి. నెలల తర్వాత వస్తే చాలావరకు కొత్తగా చేరిందే. వచ్చిన తేదీ, వాడిన మందు, ఎన్ని రోజులు వాడారు అనేవి ఫోన్‌లో రాసి పెట్టుకుంటే డాక్టర్‌కి సగం పని తప్పుతుంది.

చలితో జ్వరం, నడుముకి ఒక పక్కన పక్కటెముకల కింద నొప్పి, వాంతులు మొదలైతే మాత్రం ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకిందనుకోవాలి. రాత్రి అయినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. పైన చెప్పిన రెండు మందులూ మూత్రంలో చేరినంతగా కిడ్నీ కండలో చేరవు, అక్కడికి వేరే మందు కావాలి. గర్భిణులు, మగవాళ్లు, చిన్నపిల్లలు, షుగర్ అదుపులో లేనివాళ్లయితే జ్వరం దాకా ఆగకుండా మొదటి రోజే డాక్టర్‌కి చూపించాలి.

ఇప్పుడు నాలుగోసారి రాకుండా చూసుకునే సంగతి. ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే దాన్ని పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్ అంటారు. మీరు ఆ గీత దాటారు. మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన మాట క్రాన్‌బెర్రీ కాదు, ఆ ఎనిమిదిన్నర నుంచి నాలుగున్నర. ఎనిమిది గంటలు మూత్రం కదలకపోతే, చేరిన నాలుగు బ్యాక్టీరియాకి గోడను పట్టుకునే తీరిక, పెరిగే తీరిక రెండూ దొరుకుతాయి. బాగుండని బాత్‌రూమ్‌కి భయపడి బిగపట్టడమే దానికి మేలు చేస్తోంది.

నీళ్ల మీద మంచి పరీక్ష ఒకటి 2018లో వచ్చింది. బల్గేరియాలో, రోజుకు లీటరున్నర కంటే తక్కువ తాగే, పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది ఆడవాళ్లను తీసుకుని, సగం మందిని మామూలుగా తాగేదానికి అదనంగా ఇంకో లీటరున్నర నీళ్లు తాగమన్నారు. ఏడాదిలో వాళ్లకు సగటున 1.7 సార్లు, అలవాటు మార్చుకోనివాళ్లకు 3.2 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. ఆ పరీక్షకు డబ్బు పెట్టింది నీళ్ల సీసాలమ్మే కంపెనీయే, ఆ సంగతీ తెలిసి ఉండాలి. అయినా కుండలో నీళ్లకూ అదే ఫలితం కాబట్టి పాటించడానికి అభ్యంతరమేముంది? మీకు సరిపడేలా చెప్పాలంటే మూడు అరలీటరు సీసాల లెక్క పెట్టుకోండి. మొదటిది స్కూలుకు బయల్దేరేలోపు, రెండోది బడిలో మధ్యాహ్నం భోజనం అయ్యేలోపు, మూడోది ఇంటికొచ్చి రాత్రి భోజనం లోపు పూర్తి కావాలి. ఇంటర్వెల్‌లో ఒకసారి, భోజనం బెల్లుకి ఒకసారి, ఆత్రం లేకపోయినా వెళ్లి రండి. హడావిడిగా లేచిపోకుండా పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగండి. గుండె జబ్బుకో, కిడ్నీ జబ్బుకో నీళ్లు కొలిచి తాగమని డాక్టర్ చెప్పినవాళ్లకు ఈ లెక్క వర్తించదు.

ఆ మూడు సీసాల్లో ఒకటి బార్లీ నీళ్లయితే నిక్షేపంగా తాగొచ్చు. రెండు టేబుల్ స్పూన్ల బార్లీ గింజలు కడిగి, రాత్రి నానబెట్టి, పొద్దున లీటరు నీళ్లలో సన్నమంట మీద అరగంటకు పైగా, గింజ వేలితో నొక్కితే మెదిగేదాకా ఉడికించి వడకట్టండి. చల్లారాక చిక్కగా అనిపిస్తే నీళ్లు కలపండి, జావలా ఉంటే సీసాడు తాగలేరు. నిమ్మరసం, చిటికెడు ఉప్పు చాలు, పంచదార వద్దు. గంజిలాగే ఇదీ త్వరగా పులుస్తుంది. ఎండాకాలంలో బయట పెడితే సాయంత్రానికే జిగురుగా సాగి పుల్లటి వాసన వస్తుంది, అప్పుడు పారబోయాలి. ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంటుంది. గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు బార్లీ ముట్టకూడదు, అందులోనూ గ్లూటెన్ ఉంది.

క్రాన్‌బెర్రీ విషయానికొస్తే, 2023లో కాక్రేన్ సంస్థ 50 పరీక్షల ఫలితాలను కలిపి చూసింది. పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్లలో మళ్లీ వచ్చే ముప్పు సుమారు నాలుగో వంతు తగ్గింది. అంటే నలుగురికి రావాల్సిన చోట ముగ్గురికి వస్తుంది. ఉపయోగం ఉంది, అయితే అంతే ఉంది. పిల్లల్లో కూడా మేలు కనిపించింది. గర్భిణుల్లో, వృద్ధాశ్రమాల్లో ఉండే పెద్దవాళ్లలో, మూత్రాశయం సరిగా ఖాళీ కానివాళ్లలో కనిపించలేదు.

కొనేటప్పుడు పేరు కాదు, వెనకవైపు లేబుల్ చూడండి. పరీక్షల్లో తరచుగా వాడిన మోతాదు రోజుకు 36 మిల్లీగ్రాముల ప్రోయాంథోసయనిడిన్లు. క్యాప్సూల్ మీద ‘క్రాన్‌బెర్రీ సారం 400 మిల్లీగ్రాములు’ అని మాత్రమే ఉంటే అందులో ఆ పదార్థం ఎంతుందో తెలియదు. విడిగా అంకె రాసి ఉన్నదే తీసుకోండి. దుకాణాల్లో దొరికే క్రాన్‌బెర్రీ డ్రింకుల్లో పండు రసం తక్కువ, పంచదార నీళ్లు ఎక్కువ. గ్లాసుకు అయిదారు చెంచాల పంచదార దాకా ఉండొచ్చు. ఎండబెట్టి అమ్మే ఎర్రటి పండ్లు కూడా పంచదార పట్టించినవే. ఇంకో తిరకాసు ఏమిటంటే, మన వాక్కాయల్ని కొందరు ‘ఇండియన్ క్రాన్‌బెర్రీ’ అని అమ్ముతున్నారు. రంగూ పులుపూ చూసి పెట్టిన పేరే గానీ ఆ రెండింటికీ చుట్టరికం లేదు. అసలు క్రాన్‌బెర్రీ ఉత్తర అమెరికా బురదనేలల్లో పాకే తీగ, వాక్కాయది గన్నేరు కుటుంబం. వాక్కాయ పప్పు రుచికి చేసుకోండి, మూత్రంలో మంటకని మాత్రం కాదు.

క్రాన్‌బెర్రీతో కలిపి డి-మానోజ్ అనే పంచదార ఉన్న సాషేలు కూడా వస్తున్నాయి. ఇంగ్లాండ్, వేల్స్‌లలో 598 మంది మీద ఆరు నెలలు చేసి 2024లో ప్రచురించిన పరీక్షలో ఒక్క డి-మానోజ్ వాడినవాళ్లకు, ఉత్తుత్తి పొడి వాడినవాళ్లకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దానికోసం ఎక్కువ ధర పెట్టకండి. సాషేలో సిట్రేట్ ఉందేమో కూడా చూడండి, ఉంటే నైట్రోఫ్యూరాంటోయిన్ వాడే రోజుల్లో పక్కన పెట్టేయాలి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు, ఆక్సలేట్ రాళ్లు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా క్రాన్‌బెర్రీ క్యాప్సూల్స్ మొదలుపెట్టకూడదు.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మీకు ఈ మంటలు భార్యాభర్తల కలయిక తర్వాత ఒకటి రెండు రోజులకు వస్తున్నాయా అన్నది కూడా చెప్పండి. చాలామంది సిగ్గుపడి దాటేసే మాట ఇది. అలా వస్తుంటే రోజూ మందు అక్కర్లేకుండా, ఆ సందర్భానికి ఒక్క చిన్న మోతాదు వాడే పద్ధతి ఉంది. మీరు భయపడుతున్న ‘మాటిమాటికీ యాంటీబయాటిక్స్’ కంటే మొత్తం మీద అది తక్కువే అవుతుంది. మీ అత్తయ్యగారికి కూడా ఈ బాధ ఉంటే, నెలసరి ఆగినవాళ్లకు యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ బాగా పనిచేస్తుంది, ఆవిడ గైనకాలజిస్టుని అడగొచ్చు.

క్రాన్‌బెర్రీ వాడదలిస్తే ఈ కోర్సు అయ్యాక ఆరు నెలలు పెట్టి చూడండి. ఈ మధ్యలో మళ్లీ మంట, ఆత్రం మొదలైతే క్యాప్సూల్స్ పెంచకండి, పాత స్ట్రిప్‌లో మిగిలిన మాత్ర వేసుకోకండి. ముందు స్టెరైల్ డబ్బా, తర్వాతే మందు.